కళ్యాణ వేదిక ఎవరి పేరు మీద?

శుభలేఖ పైభాగాన ఇంటి ఇలవేల్పు పేరు ఉంటుంది. ముస్లిం కుటుంబమైతే బిస్మిల్లా, క్రైస్తవ కుటుంబమైతే బైబిల్ వాక్యం ఉంటుంది. దాని కింద పెద్దల పేర్లు, వధూవరుల పేర్లు, ముహూర్తం, ఆహ్వానించువారి పేర్లు వరుసగా వస్తాయి. ఇవన్నీ ఆ కుటుంబం తనకు తానుగా రాసుకున్న మాటలు. కార్డు మొత్తంలో ఆ ఇంటివారు ఎంచుకోని మాట ఒక్కటే ఉంటుంది. అది 'కళ్యాణ వేదిక' అన్న చోట అచ్చయ్యే హాలు పేరు. తన బిడ్డ పెళ్లిపత్రిక మీద ఆ తండ్రి వేరొకరి ఇంటిపేరునో, వేరొక కులం పేరునో, తాను కొలవని దేవుడి పేరునో అచ్చువేయించి ఊరంతా పంచవలసి వస్తుంది. పెళ్లి హాలుకు పేరు పెట్టడం యజమాని సొంత వ్యవహారంగా కనిపిస్తుంది కాని, ఆ పేరును మోసేది మాత్రం అతిథేయులు. అందువల్ల ఇది కుల ప్రశ్న అవుతుంది.

మెదక్ జిల్లాలో నర్సాపూర్, తూప్రాన్ పట్టణాలకు చేరువలో ఉన్న శివ్వంపేట వంటి మండల కేంద్రాన్ని తీసుకుందాం. ఒక తరం కిందటి వరకు ఇలాంటి ఊళ్లలో పెళ్లి అంటే ఇంటి ముందు పందిరి. ఇల్లు ఏ వాడలో ఉంటే పందిరి ఆ వాడలోనే. వాడలు కులాలవారీగా ఉన్నాయి కనుక పెళ్లిళ్లూ కులాలవారీగానే జరిగేవి. దళితవాడలో పెళ్లికి పెద్దకులాల వారు రావడమంటూ జరిగితే, వచ్చి చదివింపులు రాయించి, అక్షతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయేవారు. ఆ వెళ్లిపోవడాన్ని ఎవరూ తప్పుపట్టేవారు కారు, కాని పిలిచినవారు మరిచిపోయేవారూ కారు. పెళ్లి పందిరి నుంచి హాలుకు మారిన తర్వాత ఒక కొత్త అవకాశం వచ్చింది. హాలు ఏ వాడదీ కాని చోట, సాధారణంగా రోడ్డు పక్కన ఉంటుంది. అక్కడ ఒకే వంటశాల, ఒకే బంతి, ఒకే మంచినీళ్ల డ్రమ్ము. నిన్న ఒక ముదిరాజ్ కుటుంబం కూర్చున్న కుర్చీల్లో ఇవాళ మాదిగ కుటుంబం, రేపు లంబాడీ తండా నుంచి వచ్చిన కుటుంబం కూర్చుంటాయి. ఊరి వాడలు ఇవ్వని ఉమ్మడి కప్పును పెళ్లి హాలు ఇవ్వగలదు. ఆ కప్పు మీద ఏ పేరు రాస్తారన్నది అందుకే పట్టించుకోవలసిన విషయం.

పేరులో రెండు భాగాలుంటాయి. ఒకటి విశేషనామం, రెండోది ఆ భవనం ఏమిటో చెప్పే సామాన్యనామం. మనం మొదటిదాని గురించే వాదులాడుకుంటాం కాని, రెండోది కూడా మౌనంగా మనుషులను వేరుచేస్తుంది. 'కళ్యాణ మండపం' అన్నది ఆలయ వాస్తు నుంచి వచ్చిన మాట. దేవుడికి ఏటేటా పెళ్లి జరిగే మండపం అది. వినగానే ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు అది తమ కోసం కట్టినది కాదనుకోవడం సహజం. 'షాదీఖానా' అన్న మాట ఇంకోవైపు నుంచి అదే పని చేస్తుంది. మన రాష్ట్రాల్లో ప్రభుత్వమే మైనారిటీ సంక్షేమం కింద ఉర్దూ ఘర్, షాదీఖానాలు కట్టించింది కనుక ఆ మాట మీద ఒక వర్గపు ముద్ర స్థిరపడింది. రెండింటి అర్థమూ పెళ్లి జరిగే చోటే. 2014 అక్టోబరు 2న తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన రెండు పథకాలు ఇలాంటివే. పేదింటి ఆడపిల్ల పెళ్లికి 51 వేల రూపాయలిచ్చే సాయానికి ఎస్సీ, ఎస్టీలకు 'కళ్యాణ లక్ష్మి' అని, మైనారిటీలకు 'షాదీ ముబారక్' అని రెండు పేర్లు పెట్టారు. కళ్యాణ లక్ష్మిని తర్వాత బీసీలకూ విస్తరించారు. మొత్తం 75,116 రూపాయలకు, ఆపైన 1,00,116 రూపాయలకు పెరిగినప్పుడు రెండు పథకాల్లోనూ సమానంగానే పెరిగింది. పథకానికి రెండు పేర్లుంటే నష్టం లేదు. ఎవరి దరఖాస్తు వారిది, ఎవరి చెక్కు వారిది. భవనం అలా కాదు. ఒకే గోడల మధ్యకు అందరూ రావాలి కనుక దానికి ఒకే పేరు కావాలి.

ఈ చిక్కును పండితులకన్నా ముందు వ్యాపారులు పరిష్కరించుకున్నారు. తెలంగాణలో వాడుకలో స్థిరపడిన 'ఫంక్షన్ హాల్', 'గార్డెన్స్' అన్న మాటలకు ఏ మతపు వాసనా లేదు. నిశ్చితార్థం, పట్టుచీరల వేడుక, నిఖా, వలీమా, చర్చిలో పెళ్లి ముగిశాక జరిగే విందు, చివరకు రాజకీయ పార్టీ కార్యకర్తల సమావేశం కూడా ఆ మాటలో ఇముడుతుంది. దీని వెనుక లెక్క కూడా ఉంది. ఆషాఢంలోనూ మూఢం రోజుల్లోనూ హిందువుల పెళ్లిళ్లు దాదాపు ఉండవు. ముహూర్తాల పంచాంగం చూడని ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు ఆ రోజుల్లో హాలు తీసుకుంటాయి. అందరినీ రానిచ్చే హాలు ఏడాదిలో ఎక్కువ రోజులు నిండుతుంది. ఇంగ్లీషు మాట కాబట్టి భాషాభిమానులకు నచ్చకపోవచ్చు. కాని తెలుగులో దానికి సరితూగే మాట మనం ఇంకా తయారు చేసుకోలేదని ఒప్పుకోవాలి. 'వేడుకల శాల', 'విందుశాల' వంటి మాటలు ప్రయత్నించదగినవి. అవి నిలబడే వరకు ఫంక్షన్ హాల్ అన్న మాటను నామోషీగా భావించనక్కరలేదు.

సామాన్యనామం ఇలా తేలికపడినా విశేషనామం దగ్గర కులం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. తెలంగాణ పల్లెల్లో రెడ్డి, గౌడ్, యాదవ్, ముదిరాజ్, రావు, చారి అన్న పేరు చివరి మాటలు చాలాచోట్ల కుల ధ్రువీకరణ పత్రంతో సమానం. యజమాని తన పేరునో, కీర్తిశేషుడైన తండ్రి పేరునో పెట్టుకుంటే ఆ తోక కూడా బోర్డు మీదికి ఎక్కుతుంది. పొడి అక్షరాలతో దాన్ని దాచే పద్ధతి కూడా ఉంది. కాని మూడక్షరాలలో చివరి 'ఆర్' దేనికి గుర్తో ఊరంతటికీ తెలుసు. ఇందులో దురుద్దేశం ఉండనక్కరలేదు, తండ్రి మీద ప్రేమే ఉండవచ్చు. అయినా ఫలితం మారదు. ఒకప్పుడు ఆ కుటుంబం పొలంలో జీతమున్న మనిషి మనవరాలి శుభలేఖ మీద, ఆ దొర పేరు వేదికగా అచ్చవుతుంది. తాతకు ఆ గడప దాటే అనుమతి లేదు. మనవరాలికి ఉంది, కాని డబ్బు కట్టి, ఆ పేరును మోసుకుంటూ దాటాలి. యజమానికి ఇది పితృభక్తిగా కనిపిస్తుంది, అవతలి కుటుంబానికి పాత జ్ఞాపకంగా కనిపిస్తుంది.

అలాగని కులం పేరున్న ప్రతి భవనాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఆర్యవైశ్య, పద్మశాలి, యాదవ, ముదిరాజ్ సంఘాల భవనాలు ఊరూరా ఉన్నాయి. ప్రభుత్వమే హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కట్టించిన సేవాలాల్ బంజారా భవన్, కుమురం భీం ఆదివాసీ భవన్ 2022 సెప్టెంబరు 17న ప్రారంభమయ్యాయి. రాజధానిలో తలదాచుకునే చోటు ఎన్నడూ లేని వర్గాలకు అలాంటి భవనం ఒక గుర్తింపు. ఊళ్లో అందరి మీదా అధికారం ఉన్న కులం తన పేరును గోడకెక్కించడం, పేరే లేకుండా బతికిన కులం తన పేరును గోడ మీద చూసుకోవడం ఒకటి కావు. తెలుగు నేల మీద దళిత ఉద్యమం మొదలైనదే పేరు విషయంలో. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభగా సమావేశమైనవారు, ఆ మాటను నిరాకరించి ఆది ఆంధ్ర మహాసభగా ముగించారు. ఇతరులు పెట్టిన పేరును తీసేసి తమ పేరు తాము పెట్టుకోవడం ఆత్మగౌరవంలో మొదటి మెట్టు అయింది.

కాబట్టి సంఘ భవనానికి కులం పేరు ఉండవచ్చు. అడగవలసిన ప్రశ్న వేరు. ఒక కులం వారికి రాయితీ అద్దె, ఇతరులకు పూర్తి అద్దె ఉన్న హాలులో ఇద్దరు వేర్వేరు కులాల యువతీయువకులు పెళ్లి చేసుకోదలిస్తే వారిది ఏ లెక్క? ఊళ్లో ఉన్న ప్రతి హాలూ ఏదో ఒక కులానిదైనప్పుడు కులాంతర వివాహానికి వేదికే ఉండదు. వారు రిజిస్ట్రారు కార్యాలయం మెట్ల మీద దండలు మార్చుకుని వెళ్లిపోవాలి. సంఘ భవనాలు ఎన్ని ఉన్నా, ఎవరిదీ కాని హాలు ఊరికి ఒక్కటైనా ఉండాలనడానికి ఇదే బలమైన కారణం.

ఎవరిదీ కాని హాలుకు ఏ పేరు? ఇక్కడే 'వివాదం లేని పేరు పెడదాం' అన్న మాట వినిపిస్తుంది. మాట మంచిదే. కాని వివాదం ఎవరు లేవదీస్తున్నారో చూడకుండా దాన్ని అంగీకరించకూడదు. తమిళనాడు అనుభవం ఇందుకు పాఠం. 1997లో అక్కడి ప్రభుత్వం ఒక కొత్త రవాణా సంస్థకు, తెలుగు మూలాలున్న పాలెగాడు కట్టబొమ్మన్ సేనాని, దళిత వీరుడు సుందరలింగం పేరు పెట్టింది. దక్షిణ జిల్లాల్లో ఆధిపత్య కులాల వారు ఆ పేరున్న బస్సు ఎక్కబోమన్నారు. హింస చెలరేగింది. చివరకు ప్రభుత్వం జిల్లాలకూ రవాణా సంస్థలకూ ఉన్న నాయకుల పేర్లన్నిటినీ తొలగించి ఊరి పేర్లకు తిరిగివచ్చింది. అంతకుముందు ఎందరో నాయకుల పేర్లతో బస్సులు నడిచినప్పుడు రాని అభ్యంతరం ఒక్క దళితుడి పేరు చేరగానే వచ్చింది. పైకి అది అందరికీ సమానమైన నిర్ణయం. అభ్యంతరం వచ్చిన పేరు మాత్రం ఒక్కటే.

మన దగ్గర 2022లో ఇదే పరీక్ష ఎదురైంది. ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద మే 24న అమలాపురంలో హింస జరిగింది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. ఇప్పుడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఊరి పేరు పోలేదు, అంబేద్కర్ పేరూ పోలేదు. ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక నియమం దొరుకుతుంది. కొత్త భవనానికి మొదటి రోజునే ఊరి పేరు పెట్టడం అందరికీ సౌకర్యం. ఉన్న అంబేద్కర్ పేరును 'అందరి కోసం' తీసేయడం మాత్రం ఒక వర్గానికి లొంగిపోవడం. దళితవాడలోని అంబేద్కర్ భవనంలో ఇతర కులాల వారు పెళ్లి చేయడం లేదంటే అక్కడ మారవలసినది బోర్డు కాదు.

పేరు మంచిదైనంత మాత్రాన తలుపు తెరుచుకోదు. ఈ విషయంలో చట్టం ఏమంటుందో విద్యార్థులు తెలుసుకోవాలి. రాజ్యాంగం 15వ అధికరణలోని రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాలలోకి కులమత కారణాలతో ఎవరినీ అడ్డుకోరాదంటుంది. అందులో పెళ్లి హాలు అన్న మాట లేదు. అయితే 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో అంబేద్కర్, 'దుకాణం' అన్న మాటను విస్తృతార్థంలో వాడామని, తన సేవను ఇతరులకు అందించే ప్రతివారూ దాని కిందికి వస్తారని వివరించారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి రాసిన సుప్రీంకోర్టు తీర్పు ఈ వివరణను ఆధారం చేసుకుని, ప్రైవేటు విద్యాసంస్థలకు కూడా ఆ క్లాజు వర్తిస్తుందని చెప్పింది. ఈ తర్కం ప్రకారం అద్దెకిచ్చే ఫంక్షన్ హాలు 'నా సొంత ఆస్తి, నా ఇష్టం' అనడానికి వీల్లేదు. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టమైతే బహిరంగ ప్రదేశంలోకి ప్రవేశాన్ని అడ్డుకోవడాన్నీ, పెళ్లి ఊరేగింపును అడ్డుకోవడాన్నీ నేరాలుగా పేర్కొంది.

కులసంఘాల ట్రస్టులకు మరో కట్టడి ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్ తెచ్చిన నియమం ప్రకారం, ఆ చట్టం వచ్చాక ఒక కులానికో మతానికో మాత్రమే మేలు చేయడానికి ఏర్పడిన ధార్మిక ట్రస్టు పన్ను మినహాయింపు పొందలేదు. ఎస్సీలు, ఎస్టీలు, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసం ఏర్పడిన ట్రస్టులకు మాత్రం ఈ నిషేధం లేదు. ఆధిపత్య కులపు ట్రస్టు మినహాయింపు పొందుతున్నదంటే, తాను అందరికీ సేవ చేస్తున్నానని అది ప్రభుత్వానికి చెప్పుకుంటున్నట్టే. అదే మాట హాలు గేటు మీద కూడా రాయమని అడిగే హక్కు మనకుంది.

అయితే చట్టానికి చిక్కని నిరాకరణే ఎక్కువ. హాలు ఇవ్వమని ఎవరూ అనరు. 'ఆ తారీఖు అప్పుడే బుక్కయింది' అంటారు. అడిగినవారి ఊరు, వాడ, పేరు విన్నాక ఆ మాట వస్తుంది. మరుసటి రోజు మరొక పేరుతో అడిగితే అదే తారీఖు ఖాళీగా ఉంటుంది. రెండో పద్ధతి వంటింటి షరతు. తిరుమల తిరుపతి దేవస్థానాల కళ్యాణ మండపాల్లో మాంసానికీ మద్యానికీ అనుమతి లేదు. అది మతసంస్థ నియమం, ముందే తెలిసిన నియమం. కాని ఊరుమ్మడి డబ్బుతో కట్టిన హాలులో మాంసం వండరాదంటే, పెళ్లి విందులో వేటకూర లేకపోతే చుట్టాలు మాట పడనిచ్చే తెలంగాణలో సగానికి పైగా కుటుంబాలను గేటు బయటే నిలబెట్టినట్టు. అప్పుడు బోర్డు మీద 'సమత' అని రాసినా ప్రయోజనం లేదు.

ఇప్పుడు శివ్వంపేటలో ఊరుమ్మడి ఫంక్షన్ హాలు ఒకటి కట్టదలచారనీ, పేరు గ్రామసభ ముందుకు వచ్చిందనీ అనుకుందాం. స్థలమిచ్చిన దాత తన తండ్రి పేరు కోరుతాడు. కొందరు దేవుడి పేరు, మరికొందరు నాయకుడి పేరు, యువకులు 'మైత్రి' వంటి మాట సూచిస్తారు. ఒక్కో పేరునూ శుభలేఖ మీద వేసి చూడాలి. మాదిగవాడ, లంబాడీ తండా, ముదిరాజ్ వాడ, ముస్లింల గల్లీ, కోమట్ల ఇల్లు, ఈ ఐదు చోట్ల నుంచి ఐదు కార్డులు ఊహించుకుంటే చాలు. దాత పేరు ఒక్క కార్డు మీదే అందంగా ఉంటుంది. దేవుడి పేరు రెండు కార్డుల మీదో మూడు కార్డుల మీదో ఇముడుతుంది. 'మైత్రి' ఎవరినీ నొప్పించదు కాని, అది ఎక్కడిదో ఎవరికీ చెప్పదు. ఏ అపార్ట్‌మెంటుకైనా సరిపోయే మాట కాబట్టి ఎవరికీ తమదనిపించదు. ఇక మిగిలింది 'శివ్వంపేట ఫంక్షన్ హాల్'. చెవికి ఈ పేరులో శివుడి ధ్వని వినిపించకపోదు. అయినా ఆ ఊరి ముస్లిం 'మాది శివ్వంపేట' అంటాడు, క్రైస్తవుడూ అంటాడు. కులం పేరు పుట్టుకతో వస్తుంది, ఊరి పేరు అక్కడ బతకడంతో వస్తుంది. ఎవరు ఊళ్లో ఉంటే వారిదే ఆ పేరు. ఈ ఒక్క గుణమే దాన్ని మిగతా వాటికన్నా పైన నిలబెడుతుంది.

దాత మాటేమిటి? ఆయనకు కృతజ్ఞత చెప్పవలసిందే. హాలు లోపల గోడకు శిలాఫలకం వేసి ఆయన తండ్రి పేరు, ఇచ్చిన స్థలం విస్తీర్ణం, తేదీ చెక్కించవచ్చు. కమాను మీది పేరు శుభలేఖకు ఎక్కుతుంది, లోపలి ఫలకం ఎక్కదు. ఈ తేడాను దానపత్రం రాసుకునే రోజే తేల్చుకోవాలి. కప్పు పడ్డాక అడిగితే తగవే మిగులుతుంది. గేటు ముందు దేవుడి విగ్రహమో, నాయకుడి నిలువెత్తు చిత్రమో తర్వాత వచ్చి చేరకుండా కూడా అదే పత్రంలో రాసుకోవాలి. బోర్డు ఊరి పేరు చెబుతుంటే గేటు ఇంకొకరి పేరు చెప్పరాదు.

పేరు కింద మూడు విషయాలు అందరికీ కనిపించేలా రాయాలి: అందరికీ ఒకే అద్దె ఎంత, వంటలో ఏ ఆంక్షా లేదని, ఖాళీ తారీఖులు ఏవని. నెలవారీ క్యాలెండరు గోడకు వేలాడుతుంటే 'బుక్కయింది' అన్న అబద్ధానికి చోటుండదు. వరుస సంఖ్యలున్న రసీదు పుస్తకం ఉంటే ఎవరు ముందు అడిగారో తెలుస్తుంది. ఏడాది గడిచాక ఆ పుస్తకాన్ని గ్రామసభలో తెరిచి చూడాలి. అందులో తండా నుంచి, మాదిగవాడ నుంచి, ముస్లింల గల్లీ నుంచి వచ్చిన పెళ్లిళ్లు లేకపోతే పేరు ఎంత బాగున్నా ఎక్కడో తలుపు మూసి ఉన్నట్టే. కారణం అద్దె కావచ్చు, వంటిల్లు కావచ్చు, తాళంచెవి ఉన్న మనిషి మాటతీరు కావచ్చు. వెళ్లి ఆ వాడల్లోనే అడిగితే చెబుతారు.

ఊరి పేరుతో కులం పోతుందన్న భ్రమ అక్కరలేదు. హాలులో కలిసి తిన్నవారు సాయంత్రానికి ఎవరి వాడకు వారు వెళ్లిపోతారు. పెళ్లి సంబంధాలు కులంలోనే కుదురుతాయి. అయినా ఒక కూలితల్లి తన బిడ్డ శుభలేఖను ఊళ్లో పంచుతూ, వేదిక దగ్గర తన ఊరి పేరు తప్ప మరెవరి పేరూ లేదని చూసుకోగలగాలి. ఆ ఒక్క పంక్తి మీద ఆమెకూ దాతకూ సమాన హక్కు ఉండాలి. ఊరుమ్మడి హాలు కట్టే ప్రతి పంచాయతీ పునాదిరాయి వేసే ముందే తీర్మానించుకోవలసినది అంతే.